ఐదు గ్లాసుల నీళ్లు

(విజయనగరంలో కొత్త నాటక రచయితల కోసం జరిగిన శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీరు నిన్న సాయంత్రం రాసి ఇచ్చిన కాగితాలన్నీ రాత్రి కూర్చుని చదివాను. భర్త పోయిన ముసలావిడ, ఖాళీ ఇల్లు, ఒక స్వగతం. మీకిచ్చిన విషయం ఇంతే. పద్నాలుగు మంది రాశారు. వాటిలో తొమ్మిది మంది ముసలమ్మలు గోడకున్న ఫొటో దగ్గరికి నడిచి, దండ సరిచేసి, "ఈ ఇల్లు ఎంత బోసిపోయిందో చూశారా" అన్నారు. ఇద్దరికి వెనక నుంచి వేణువు వినిపించింది. ఒకావిడకు ఉరుము కూడా ఉరిమింది. నవ్వకండి. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఉరుము పెట్టినవాణ్నే.

ఇల్లు బోసిపోయిందని ఆమె చెప్పనక్కరలేదు. వేదిక మీద ఒక మంచం ఉంది, ఒక మనిషి ఉంది. అది చివరి వరసలో కూర్చున్నవాడికీ కనిపిస్తూనే ఉంది. తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. వినేవాళ్లెవరూ లేనప్పుడు ఆమె అసలు నోరెందుకు విప్పింది?

దీనికి జవాబు వెతుక్కుంటూ దూరం వెళ్లక్కరలేదు. మనం కూర్చున్న చోటికి దగ్గర్లోనే బొంకులదిబ్బ ఉంది. 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో, ఇప్పుడు మనం చదువుకునే 1909 నాటి పాఠం తెరిచి చూడండి. నాటకం మొదలయ్యేసరికి బొంకులదిబ్బ మీద గిరీశం ఒక్కడే నిలబడి తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటాడు. తన మనసు ఎలా ఉందో చెబుతున్నాడా? లేదు. పూటకూళ్లమ్మకు సంతలో సామాను కొనిపెడతానని తీసుకున్న ఇరవై రూపాయలు వేరేచోట ఖర్చయిపోయాయి. ఊళ్లో అప్పులు పెరిగాయి. ఇక్కడి నుంచి జారుకునే దారి కావాలి. ఆ లెక్క తేలకనే మాట్లాడుతున్నాడు. మనిషి ఒంటరిగా మాట్లాడేది తేలని లెక్క ఉన్నప్పుడు. గిరీశానికీ మన ముసలమ్మకూ పోలికేమిటని అనుకోకండి. ఆమెకు కూడా ఒక లెక్క ఉండాలి, అది ఈ రాత్రికి తేలాలి. దుఃఖం లెక్క కాదు. దుఃఖం రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. దానికి తొందర లేదు. తొందర లేనిచోట నాటకం కదలదు.

నేను రాసిన ఒక స్వగతం ఎలా తయారైందో, ఎక్కడెక్కడ చెడిందో చెబుతాను. మిగతా సిద్ధాంతం మీరే తీసుకోండి.

సోంపేట వైపు నాకు వరసకు పిన్ని అయ్యే ఆవిడ ఒకరు ఉండేవారు. ఉద్దానం పల్లె, పెంకుటిల్లు, కొబ్బరితోట. బాబాయికి మూత్రపిండాల జబ్బు. ఆ ప్రాంతంలో ఆ జబ్బు ఎంతగా ఉందో మీకు తెలుసు. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. బాబాయి పోయిన తరువాత నేను పరామర్శకు వెళ్లాను. పిన్ని ఏడవలేదు. భోజనం పెట్టింది. తాను తింటూ దాహం వేసి స్టీలు గ్లాసు తీసుకుని, బిందెలోంచి నీళ్లు ముంచి, గ్లాసు కంటి ఎత్తుకు లేపి చూసింది. కొంచెం ఎక్కువైనట్టుంది, ఒలక్కుండా తిరిగి బిందెలో వంచింది. తరువాత తాగింది.

నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నీళ్లు కొలిచి ఇవ్వాలి. బాబాయికి రోజుకు లీటరు దాటకూడదన్నారు. ఇంట్లో గ్లాసుతో అయితే ఐదు గ్లాసులు. మాత్రలు మింగే నీళ్లు, కాఫీ, గంజి, పులుసు అన్నీ అందులోనే లెక్క. దాటితే ఒంట్లో నీరు చేరుతుంది, అది ఊపిరితిత్తుల దాకా వస్తే ఆయాసం, పడుకోలేరు. మూడేళ్లు ఆ చేత్తో ఆయనకు కొలిచి ఇచ్చింది. ఆయన పోయాడు కానీ, ఆ చేతికి ఆ సంగతి ఇంకా తెలియలేదు.

నా స్వగతం అక్కడ పుట్టింది. "ఇల్లు ఖాళీ" అని రాయవలసిన అవసరం ఆ గ్లాసుతో తీరిపోయింది. ఎంత కావాలంటే అంత తాగగల మనిషి కొలుచుకుని తాగుతూంటే, ఆ ఇంట్లో ఎవరు లేరో తెలిసిపోతుంది. మీరు కూడా ముందు వెతకవలసింది ఇదే: ఇద్దరి కోసం ఏర్పడి, ఒకరే మిగిలాక కూడా ఆగని పని ఏది? రెండు కంచాలు పెట్టడం, రెండు కాఫీలు కలపడం మాత్రం వద్దు. నిన్నటి కాగితాల్లో రెండు కాఫీలు నాలుగు సార్లు వచ్చాయి. అది ఏ ఇంటికైనా సరిపోతుంది, అందుకే ఏ ఇంటిదీ కాదు.

గ్లాసు దొరికింది. ఇప్పుడు తొందర కావాలి. అందుకు ఆమెకు ఒక కొడుకును పెట్టి హైదరాబాదులో ఉద్యోగం ఇచ్చాను. తెల్లవారుజామున కారుతో వస్తాడు, అమ్మను తీసుకెళతాడు, ఇంటికి తాళం వేస్తారు. వెళ్లేలోపు ఇంట్లో నిల్వ ఉన్న నీళ్లన్నీ పారబోసి పాత్రలు బోర్లించాలి. ఇది నేను కల్పించిన లాంఛనం కాదు. నీళ్లు నిలిచిన ఇత్తడి చిలుము పడుతుంది, తొట్టిలో దోమలు చేరతాయి, తాళం వేసే ఏ ఇంట్లోనైనా చేసే పనే. కాబట్టి ఎనిమిది నిమిషాల స్వగతంలో ఆమె చేసేదల్లా నీళ్లు పారబోయడం. పెరటి తొట్టి, గంగాళం, రెండు ఇత్తడి బిందెలు, మట్టి కుండ, చివరికి ఆ గ్లాసు. పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదాని దాకా వస్తుంది. పాత్ర చిన్నదవుతున్నకొద్దీ మాట దగ్గరి విషయానికి వస్తుంది. తొట్టి దగ్గర ఊరి కబుర్లు, గంగాళం దగ్గర కొడుకూ కోడలూ, బిందెల దగ్గర ఆయన. ఎప్పుడు ఏం చెప్పాలన్న క్రమం నేను వేరే ఆలోచించుకోలేదు, పాత్రలే ఇచ్చాయి.

ఇక మాట ఎవరితో? మన పాత నాట్యశాస్త్రజ్ఞులు దీన్ని బాగా ఆలోచించారు. తనలో తాను అనుకుంటే స్వగతం. కనిపించని మనిషితో మాట్లాడుతూ, అతని జవాబు విన్నట్టు నటిస్తే ఆకాశభాషితం. భాణం అనే ఒంటినటుడి రూపకం అంతా దాని మీదే నడుస్తుంది. విటుడు వీధిలో నడుస్తూ ఎవరినో పలకరిస్తాడు, "ఏమంటున్నావు? ఇలా అంటున్నావా?" అని జవాబు తనే చెబుతాడు. మన ముసలమ్మది పేరుకు స్వగతమే కానీ పనితీరులో ఆకాశభాషితం. ఆయనతోనే మాట్లాడుతుంది.

నా మొదటి ప్రతి ఇక్కడే చెడింది. చదువుతాను. "ఏమిటి, రెండు గ్లాసులే తాగానంటావా? మాత్రల నీళ్లు లెక్కలోకి రావంటావా?" వినండి, ఇది టెలిఫోను సంభాషణ. సినిమాల్లో ఫోను పట్టుకున్న మనిషి అవతలివాడి మాట మన కోసం తిరిగి చెబుతాడు చూడండి, అదే. విటుడికి ఆ "ఏమంటున్నావు" అందంగా ఉంటుంది, వాడికి వీధి నిండా మనుషులున్నారు. ఈమెకు జవాబు రాకపోవడమే కదా అసలు సంగతి! ఆమె చేత జవాబు పలికిస్తే ఇంట్లోకి ఒక మనిషిని తెచ్చి కూర్చోబెట్టినట్టే.

అప్పుడు చేసిన పని మీకు పనికొస్తుంది. స్వగతం పక్కన పెట్టి, ఇద్దరూ బతికున్నట్టు మామూలు సంభాషణ రాశాను. ఇలా:

ఆమె: పొద్దున్నుంచి ఎన్ని తాగావు?
ఆయన: రెండు.
ఆమె: మూడు. మాత్రలకు తాగింది ఎవరి లెక్కలో వేస్తావు?
ఆయన: అది నీళ్లు కాదు, మందు.
ఆమె: మందయితే మాత్రం గొంతు తడవలేదా?

ఇలా ఆరు పేజీలు వచ్చింది. తరువాత ఎర్ర కలం తీసుకుని ఆయన మాటలన్నీ కొట్టేశాను. ఆమె మాటలు ఒక్క అక్షరం మార్చలేదు. మిగిలింది చూడండి: "పొద్దున్నుంచి ఎన్ని తాగావు? మూడు. మాత్రలకు తాగింది ఎవరి లెక్కలో వేస్తావు? మందయితే మాత్రం గొంతు తడవలేదా?" ఆయన "రెండు" అన్నాడని, "అది మందు" అని వాదించాడని ఎవరూ చెప్పకుండానే మీకు వినిపించింది కదా! కొట్టేసిన చోట నటి ఎంతసేపు ఆగాలో కూడా తెలుస్తుంది. ఆయన మాట ఎంత పొడవుందో అంతసేపు. మా నటికి నేను కొట్టేసిన ప్రతినే ఇచ్చాను, కొట్టివేత కింద ఆయన మాట కనిపించేట్టు. ఆమె మనసులో చదువుకునేది, తరువాత తన మాట పలికేది.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. కొట్టేశాక ఆమె మాట ఒంటరిగా నిలవకపోతే, అంటే ఆయన ఏమన్నాడో ఊహకు అందకపోతే, ఆ జంటను మొత్తం తీసేయాలి. వివరం చేర్చి అతికించబోతే మళ్లీ టెలిఫోనే వస్తుంది. నా ఆరు పేజీల్లో మిగిలింది మూడు.

ఒక చిన్న విషయం. ఆమె ఆయన్ని "నువ్వు" అంటుంది. "మీరు" అనే ఇళ్లూ ఉన్నాయి, "ఏమండీ" అనే ఇళ్లూ ఉన్నాయి. మీ ముసలమ్మ ఏ ఇంటి మనిషో మొదటి వాక్యానికి ముందే తేల్చుకోండి. నిన్నటి కాగితాల్లో ఒకావిడ మొదట మీరు అని, ఏడుపు వచ్చేసరికి నువ్వు అంది. రచయిత అది తెలిసి చేసి ఉంటే అభినందిస్తాను, కానీ తెలిసి చేశాడని నాకు అనిపించలేదు. యాస సంగతి కూడా అడుగుతున్నారు. నేను ఇక్కడ పుస్తక భాషలో చదువుతున్నాను. వేదిక మీద నటి ఆ ఊరి పలుకుబడిలోనే చెబుతుంది. యాసను అక్షరాల్లో మరీ వంకర్లు తిప్పి రాస్తే నటి దాన్ని అనుకరిస్తుంది. వాక్యం వరస ఆ ఊరిదయితే పలుకు అదే వస్తుంది.

ఈ ముసలమ్మ నవ్వించాలి. నా ప్రతిలో బిందె దగ్గర ఇలా అంటుంది: "బొండాం నీళ్లు తాగకూడదన్నాడు డాక్టరు. నలభై చెట్లున్నవాడికి! చెట్టు వైపు చూస్తావు, నా వైపు చూస్తావు. అంతలో తిత్లీ వచ్చింది. తెల్లారి చూస్తే నాలుగు నిలబడ్డాయి. ఇక నీ తగువు తీరింది పో అన్నాను." ఇక్కడ హాలు నవ్వుతుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, ఈ జబ్బు ఉన్నవాళ్లకు అది గుండెకు ప్రమాదం, కాబట్టి వద్దంటారు. ఆమె ఆ పేరు చెప్పదు. 2018 అక్టోబరులో వచ్చిన తుపాను ఉద్దానం తోటల్ని ఏం చేసిందో మన జిల్లాల ప్రేక్షకుడికి చెప్పనక్కరలేదు, ఆ ఒక్క పేరు చాలు. నవ్విన తరువాత ఒక క్షణం హాలు తనంతట తానే సద్దుమణుగుతుంది. ఆ నిశ్శబ్దం మీకు ఉచితంగా దొరికింది. వేణువుతో కొనుక్కోకండి.

ఈ సమస్య గురించి తెలిసినదంతా ఆమె నోట్లో పెట్టాలని రచయితకు చేతులు దురదపెడతాయి. నాకూ పెట్టాయి. ఒక ప్రతిలో ఆమె ఏయే మండలాల్లో ఎంతమంది అని చెప్పింది. మరో ప్రతిలో హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో వచ్చే మంచినీళ్ల గురించి, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభించిన 200 పడకల ఆసుపత్రి గురించి మాట్లాడింది. నిజాలే. కానీ అవి వార్తాపత్రిక నిజాలు. ఆ రాత్రి ఆయనతో ఆమె అవి మాట్లాడదు, ఎందుకంటే ఆయనకు తెలుసు. ఇద్దరికీ తెలిసిన విషయాన్ని ఒకరికొకరు చెప్పుకోరు. ఆయనకు చెప్పనక్కరలేని మాట ఏదైనా మీ స్వగతంలో ఉంటే అది ప్రేక్షకుడి కోసం పెట్టిన మాట, కొట్టేయండి. రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే ఒక్క మాట మాత్రం ఉంచాను. "క్రియాటినిన్." బడికి వెళ్లనివాళ్ల నోట కూడా ఆ మాట నేను అక్కడ విన్నాను, కొబ్బరికాయ ధర అడిగినంత మామూలుగా.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. ఈ స్వగతానికి కడుపులో ఒక మాట ఉంది. చివరి రాత్రి ఆయన అరగ్లాసు నీళ్లు అడిగాడు. ఆ రోజు ఐదూ అయిపోయాయి. ఆమె ఇవ్వలేదు. తెల్లవారలేదు ఆయనకు. ఇది పిన్ని నాతో చెప్పినది కాదు, నేను రాసుకున్నది. ఆమె తప్పు చేయలేదు, వైద్యుడు చెప్పినట్టే చేసింది. అందువల్లే దానికి క్షమాపణ అడగడానికి కూడా లేదు.

దీన్ని మొదట చివర్లో పెట్టాను, మోకాళ్ల మీద కూలబడి చెప్పేట్టు. మాట ఇలా ఉంది: "ఆ రాత్రి నువ్వు దాహమని అడిగితే గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకుండా తెల్లవారాక ఇస్తానని చెప్పిన పాపిష్టిదాన్ని నేను." మీలో కొందరికి ఇది బాగానే ఉందనిపిస్తోంది, ముఖాలు చూస్తే తెలుస్తోంది. రిహార్సల్లో వినేసరికి రెండు తప్పులు బయటపడ్డాయి. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ప్రేక్షకుడి చెవి అక్కడి దాకా వేచి ఉంటుంది. ఇంత పొడవు వాక్యంలో నటికి చివరికి వచ్చేసరికి ఊపిరి తగ్గుతుంది, గొంతు దిగుతుంది, వెనక వరసలకు అసలు మాటే చేరదు. రెండో తప్పు "పాపిష్టిదాన్ని." ఆమె తీర్పు ఆమే చెప్పేస్తే ప్రేక్షకుడికి చేయడానికి పనేం మిగిలింది?

మార్చాక ఇలా అయింది. రెండో బిందె వంచడానికి వంగుతుంది, ఆగుతుంది. "అరగ్లాసు అడిగావు." బిందె వంచుతుంది. నీళ్లు పోతాయి. బోర్లిస్తుంది. "తెల్లవారనీ అన్నాను." కుండ దగ్గరికి నడుస్తుంది. "ఈ కుండకు అడుగున బీటలు పడ్డాయి, వచ్చే సంతకు కొత్తది..." అక్కడ ఆగిపోతుంది. వచ్చే సంతకు ఆమె ఇక్కడ ఉండదు. అసలు మాట రెండు చిన్న వాక్యాలు, మధ్యలో బిందెడు నీళ్లు. స్వగతం మూడింట రెండు వంతులు అయ్యాక వస్తుంది, చివర్లో కాదు. చెప్పేశాక ఆమెకు ఇంకా పని మిగిలి ఉండాలి. చెప్పినదాని బరువు మోస్తూ ఆమె కుండ ఎలా ఎత్తుతుందో చూడడానికే ప్రేక్షకుడు కూర్చుంటాడు.

ఒక నేరం ఒప్పుకోవాలి. మా బృందంలో ఒక కుర్రాడు ఒక మాట ఇచ్చాడు: "బతికుండగా గుక్కెడు ఇవ్వలేదు, పోయాక దోసిళ్లతో వదిలాం." తర్పణాల సంగతి. ఎంత పదును చూడండి. రెండు ప్రదర్శనల్లో ఉంచాను, రెండుసార్లూ చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లే నన్ను అనుమానంలో పడేశాయి. అంతవరకు ఊపిరి బిగపట్టి చూస్తున్న జనం ఒక్కసారిగా ఊపిరి వదిలేసి, రచయిత భలే అన్నాడని మెచ్చుకుంటున్నారు. ముసలమ్మ మాయమై నేను కనిపించాను. మూడో ప్రదర్శనకు తీసేశాను. ఆ కుర్రాడు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

వేదిక సంగతులు కొన్ని, త్వరగా చెబుతాను. నీళ్లు నిజమైనవే ఉండాలి. ఖాళీ బిందె వంచి నీళ్ల చప్పుడు రికార్డు వేస్తే చెవి వెంటనే పట్టేస్తుంది. నిండు బిందె ఎత్తే నడుమూ, ఖాళీ బిందె ఎత్తే నడుమూ ఒకలా ఉండవు. తొట్టి, గంగాళం తెర పక్కన ఉంచండి, చప్పుడు చాలు. బిందెలు మాత్రం సగం నింపితే సరిపోతుంది, పారబోసే చోట లోతైన పళ్లెం పెట్టి చుట్టూ గోనె పరవండి. మైకు తీగలు ఆ వైపు రానివ్వకండి. పైన వేలాడే మైకులు మనిషి గొంతు కన్నా ఇత్తడి చప్పుడును ముందు అందుకుంటాయి. కాబట్టి నీళ్లు పడుతున్నప్పుడు మాట రాయవద్దు. మాట, తరువాత నీళ్లు, తరువాత మాట. ఇది తెలియక మొదటి ప్రదర్శనలో సగం మాటలు గంగపాలు చేశాను.

ఇక చివరి గ్లాసు. అన్నీ బోర్లించింది. కుండలోంచి చివరగా ముంచి పెట్టుకున్న గ్లాసు ఒకటి మిగిలింది. దాన్ని ఏం చేస్తుంది? తాగించి చూశాను, దాహం తీరినట్టయింది, బాగోలేదు. గుమ్మం బయట పారబోయించాను, కోపంలా కనిపించింది. చివరికి పల్లెల్లో రాత్రి పడుకునే ముందు చేసే పనే చేయించాను. కొలవకుండా, అంచుదాకా ముంచిన ఆ గ్లాసును మంచం పక్కన ఆయన పడుకునే వైపు పెట్టి, పైన చిన్న పళ్లెం మూత వేస్తుంది. మాట లేదు. ఆ మూత చప్పుడుకు లైటు తీసేయాలని రాసుకున్నాను.

ఒక ఊళ్లో ప్రదర్శన ఇస్తున్నాం. లైట్ల దగ్గర కూర్చున్న అబ్బాయి ముసలమ్మను చూస్తూ తన పని మరిచిపోయాడు. మూత చప్పుడయింది, లైటు పోలేదు. నటికి ఏం చేయాలో తోచలేదు. కొంచెంసేపు కూర్చుంది. తరువాత మూత తీసి, గ్లాసులో నీళ్లు ఎంత ఉన్నాయో వంగి చూసి, మళ్లీ మూత పెట్టింది. అప్పుడు పోయింది లైటు.

ఆ అబ్బాయిని నేను తిట్టలేదు. ఇంటికి వచ్చి స్క్రిప్టు తీసి, అలాగే రాసుకున్నాను.